సహసంబంధ గుణకం ఒకటిని ఎందుకు దాటదు

రెండు కొలతలు ఎంతమేరకు కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్య సహసంబంధ గుణకం. ఒకటి పెరిగినప్పుడు రెండోదీ పెరుగుతుంటే అది సున్నాకు పైన ఉంటుంది. ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గుతుంటే సున్నాకు కింద ఉంటుంది. దీన్ని r అనే అక్షరంతో గుర్తిస్తారు. పైకి ఎంత పోయినా +1 దగ్గర, కిందికి ఎంత దిగినా −1 దగ్గర అది ఆగిపోతుంది. డిగ్రీ పుస్తకాల్లో ఈ ధర్మానికి నిరూపణ రెండు మూడు పంక్తుల్లో అయిపోతుంది. పరీక్షలో రాయడానికి అది చాలా సుఖం. కానీ అంత పొట్టిగా ఉండటం వల్లే లోపల ఏం జరుగుతోందో కంటికి ఆనదు. కొన్ని అంకెలు చేతిలో పెట్టుకుని నడిస్తే ఆ పంక్తులు విచ్చుకుంటాయి.

మే నెలలో ఒక నిమ్మసోడా బండి ఉందనుకోవాలి. బండి యజమాని ఐదు రోజులపాటు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతనూ, ఆ రోజు అమ్ముడైన గ్లాసులనూ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఉష్ణోగ్రతలు వరుసగా 36, 38, 39, 41, 41 డిగ్రీలు. గ్లాసులు 40, 55, 50, 70, 85. లెక్క చేత్తో చేయడానికి వీలుగా ఉండాలని కల్పించిన అంకెలే ఇవి. ఉష్ణోగ్రత సగటు 39, గ్లాసుల సగటు 60.

ముందుగా ప్రతి రోజు అంకెలోంచీ సగటును తీసేయాలి. మిగిలినదాన్ని విచలనం అంటారు. ఆ రోజు మామూలు కంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అది చెబుతుంది. ఉష్ణోగ్రత విచలనాలు −3, −1, 0, 2, 2. గ్లాసుల విచలనాలు −20, −5, −10, 10, 25. ఏ రోజుకా రోజు ఈ రెండింటినీ గుణించాలి. ఎండ మామూలు కంటే ఎక్కువై, అమ్మకమూ మామూలు కంటే ఎక్కువైతే లబ్ధం ధనసంఖ్య. రెండూ తక్కువైనా ధనసంఖ్యే. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే రుణసంఖ్య. ఇక్కడ లబ్ధాలు 60, 5, 0, 20, 50. మొత్తం 135. మొదటి రోజు చల్లగా ఉండి బేరం పడిపోవడమే ఈ మొత్తంలో దాదాపు సగాన్ని తెచ్చిపెట్టింది.

ఈ 135 అనే అంకెకు సొంతంగా అర్థం లేదు. ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కాక ఫారన్‌హీట్‌లో రాసుకుని ఉంటే ప్రతి విచలనమూ 1.8 రెట్లు అయ్యేది, 135 కాస్తా 243 అయ్యేది. ఎండా మారలేదు, సోడా అమ్మకమూ మారలేదు. కొలబద్ద మాత్రమే మారింది. అందుకే ఈ మొత్తాన్ని రెండు జాబితాల సొంత పరిమాణాలతో భాగిస్తారు. విచలనాల వర్గాలన్నీ కూడి, వర్గమూలం తీస్తే వచ్చేదే ఒక జాబితా పరిమాణం. ఉష్ణోగ్రత వైపు వర్గాల మొత్తం 9 + 1 + 0 + 4 + 4, అంటే 18. గ్లాసుల వైపు 400 + 25 + 100 + 100 + 625, అంటే 1250. ఈ రెండింటి లబ్ధం 22,500. దాని వర్గమూలం 150. కాబట్టి

r = 135 / √(18 × 1250) = 135 / 150 = 0.9

ఇప్పుడు అసలు ప్రశ్న. లవంలో 135 ఉంది, హారంలో 150 ఉంది. ఇంకో నోటుపుస్తకంలో లవం 160 వచ్చి, హారం 150 దగ్గరే ఉండిపోకూడదా? పైకి చూస్తే అడ్డేమీ కనపడదు. లవంలో ఉన్నవి రెండు జాబితాల మధ్య లబ్ధాలు, హారంలో ఉన్నవి ఒక్కో జాబితా తనలో తాను చేసుకున్న వర్గాలు. ఒకదాని ఎత్తును ఇంకొకటి ఎందుకు కట్టడి చేయాలి?

ఒక చిన్న ప్రయత్నం చేసి చూడవచ్చు. అంకెలు మార్చకుండా, ఏ రోజు అమ్మకం ఏ రోజు ఎండకు జతపడాలో మాత్రం మారిస్తే హారం కదలదు, అది 150గానే ఉంటుంది. లవాన్ని వీలైనంత పెంచాలంటే ఎక్కువ ఎండకు ఎక్కువ గ్లాసులు, తక్కువ ఎండకు తక్కువ గ్లాసులు జతచేయాలి. అలా చేస్తే 60 + 10 + 0 + 20 + 50, మొత్తం 140. పూర్తిగా తలకిందులు చేసి, చల్లటి రోజుకు పెద్ద అమ్మకాన్ని అంటగడితే −75 − 10 + 0 − 20 − 40, మొత్తం −145. ఐదు రోజుల అమ్మకాలను 120 రకాలుగా మార్చి పేర్చవచ్చు. వాటన్నిటిలో ఏదీ 140కి పైకీ పోదు, −145కి కిందికీ పోదు. 150 అనే గోడను ఇటూ అటూ ఏదీ తాకదు. అయితే ఇది నిరూపణ కాదు, ఒక్క నోటుపుస్తకం గురించి కబురు మాత్రమే. ప్రతి నోటుపుస్తకానికీ ఆ గోడ ఎలా లేస్తుందో చూపించాలి.

దానికి దారి ఒక అంచనాతో మొదలవుతుంది. ఎండ సగటు కంటే ఒక డిగ్రీ పెరిగితే అమ్మకం సగటు కంటే t గ్లాసులు పెరుగుతుందని బండి యజమాని ఒక సూత్రం పెట్టుకున్నాడనుకోవాలి. t ఎంతైనా కావచ్చు. t = 5 అనుకుంటే మొదటి రోజు విచలనం −15 ఉండాలి. నిజంగా ఉన్నది −20. తప్పు −5. మిగతా రోజుల్లో తప్పులు 0, −10, 0, 15. వీటి వర్గాల మొత్తం 25 + 0 + 100 + 0 + 225, అంటే 350. t = 10 అనుకుంటే తప్పులు 10, 5, −10, −10, 5. వర్గాల మొత్తం మళ్లీ 350. కాకతాళీయంలా అనిపిస్తుంది కానీ కాదు. t ఏదైనా సరే, తప్పుల వర్గాల మొత్తాన్ని ఒకే సూత్రంగా విప్పి రాయవచ్చు:

1250 − 270t + 18t²

ఇందులో 1250 గ్లాసుల వర్గాల మొత్తం, 18 ఉష్ణోగ్రత వర్గాల మొత్తం. 270 అంటే 135కు రెట్టింపు. గుణకానికి కావలసిన మూడు అంకెలూ ఇక్కడికే వచ్చి కూర్చున్నాయి. t ని అటూ ఇటూ జరుపుతుంటే ఈ మొత్తం గిన్నె ఆకారంలో ఒక వక్రాన్ని గీస్తుంది. t = 5, t = 10 గిన్నెకు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్న చోట్లు. అడుగు వాటి నడిమధ్యన, t = 7.5 దగ్గర ఉంది. అది 135ను 18తో భాగిస్తే వచ్చే అంకే.

నిరూపణ బరువంతా మోసే మాట ఇప్పుడు వస్తుంది. ఈ గిన్నె ఎక్కడా సున్నా గీత కిందికి దిగలేదు. ఎందుకంటే అది వర్గాల మొత్తం. ఏ సంఖ్య వర్గమూ రుణసంఖ్య కాదు, కాబట్టి వాటి కూడికా కాదు. గిన్నె అడుగున t = 7.5 పెడితే వచ్చే విలువ

1250 − 135²/18 = 1250 − 1012.5 = 237.5

ఇది సున్నాకు పైనే ఉండి తీరాలి. అంటే 135² అనేది 18 × 1250 ని మించకూడదు. మించితే తప్పుల వర్గాల మొత్తం రుణసంఖ్య కావాలి. అది జరిగే పని కాదు. ఇక్కడ 135² = 18,225, రెండో వైపు 22,500.

ఈ వాదనలో సోడాకు గాని, ఎండకు గాని ప్రత్యేకమైన పాత్ర లేదు. ఒక జాబితా విచలనాల వర్గాల మొత్తాన్ని A అని, రెండో దానిది B అని, లబ్ధాల మొత్తాన్ని C అని రాస్తే, తప్పుల వర్గాల మొత్తం B − 2Ct + At². ఇది ఏ t కీ సున్నా కంటే తగ్గదు. t స్థానంలో C/A పెడితే

B − C²/A ≥ 0, కాబట్టి C² ≤ AB

దీని పేరే కోషీ-ష్వార్జ్ అసమానత. రెండు వైపులా AB తో భాగిస్తే C²/AB ≤ 1. ఎడమవైపు ఉన్నది r². వర్గం ఒకటిని దాటని సంఖ్య −1 కీ +1 కీ మధ్యనే ఉండాలి. నిరూపణ పూర్తయింది. t = C/A అని ఎంచుకోవడం ఇష్టం లేనివారు వర్గ సమాసపు విచక్షణితో ఇదే పని చేస్తారు. సున్నా కిందికి దిగని వర్గ సమాసానికి రెండు వేర్వేరు వాస్తవ మూలాలు ఉండవు, కాబట్టి 4C² − 4AB సున్నాను మించదు. పాఠ్యపుస్తకాలకు ఈ రూపమే ఎక్కువ ఇష్టం. గిన్నె అడుగుకు దిగి చూసే దారిలో ఒక లాభం ఉంది. అక్కడ మిగిలిన 237.5 చేతికి దొరుకుతుంది, విచక్షణి దారిలో అది దొరకదు.

పై వాదనలో ఎక్కడా సగటు తీసేసిన సంగతిని వాడుకోలేదన్నది కూడా గమనించదగ్గ విషయం. C² ≤ AB అనేది ఏ రెండు జాబితాలకైనా నిజం, అవి విచలనాలు కానక్కర్లేదు. సగటును తీసేసింది ఫలితానికి అర్థం రావడానికే. తీయకుండా 36, 38, 39... అనే అంకెలను నేరుగా వాడినా వచ్చే నిష్పత్తి ఒకటి లోపలే ఉంటుంది. కాకపోతే అన్నీ పెద్ద ధనసంఖ్యలే కాబట్టి, సంబంధం ఉన్నా లేకపోయినా అది ఒకటికి దగ్గరగానే కనిపిస్తుంది.

ఇక ఆ 237.5. సూత్రమేమీ పెట్టుకోకుండా ప్రతి రోజూ సగటు 60 గ్లాసులే అమ్ముడవుతాయని కూర్చుంటే తప్పుల వర్గాల మొత్తం 1250. ఎండను చూసి, డిగ్రీకి 7.5 గ్లాసుల చొప్పున అంచనా వేస్తే అది 237.5 కి పడిపోయింది. మిగిలిన వంతు 237.5/1250, అంటే 0.19. r² అంటే 0.81. రెండూ కలిపితే సరిగ్గా 1. ఎప్పుడూ ఇంతే: 1 − r² అనేది ఎండ వివరించలేక మిగిలిపోయిన వంతు. r ఒకటిని దాటిందంటే మిగిలిన వంతు సున్నా కంటే తక్కువైందని అర్థం. పళ్లెంలో ఏమీ మిగలకపోవచ్చు గాని, ఏమీ లేనిదానికంటే తక్కువ మిగలడం ఉండదు.

ఆ మిగిలింది సరిగ్గా సున్నా అయితే r కచ్చితంగా +1 గాని −1 గాని అవుతుంది. వర్గాల మొత్తం సున్నా కావాలంటే ప్రతి రోజు తప్పూ సున్నా కావాలి, అంటే ఐదు బిందువులూ ఒకే సరళరేఖ మీద పడాలి. ఈ బండి విషయంలో అమ్మకాలు 37.5, 52.5, 60, 75, 75 గా ఉంటే అలా అవుతుంది. అర గ్లాసు సోడా ఎవరికి పోశాడన్నది వేరే సంగతి. ఆ రేఖ ఎంత నిటారుగా ఉందన్నదానితో r కు పని లేదు. డిగ్రీకి ఒక్క గ్లాసు పెరిగినా, వంద గ్లాసులు పెరిగినా, తప్పకుండా అంతే పెరిగితే r ఒకటే. r = 1 అని వినగానే గట్టి ప్రభావం ఉందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. r కొలిచేది రేఖకు బిందువులు ఎంత అంటిపెట్టుకున్నాయన్నది. ఇంకో చిత్రం కూడా ఇక్కడే ఉంది. నోటుపుస్తకంలో రెండే రోజులు ఉండి, ఆ రెండు రోజుల అంకెలూ వేర్వేరైతే, r ఎప్పుడూ +1 గాని −1 గాని వస్తుంది. రెండు బిందువుల గుండా రేఖ ఎలాగూ పోతుంది కదా.

ఈ అసమానతను మొదట అచ్చు వేసిన ఫ్రెంచి గణితవేత్త ఆగస్టిన్ లూయీ కోషీ గిన్నె దారిలో వెళ్లలేదు. 1821లో వెలువడిన విశ్లేషణ గణిత పాఠ్యగ్రంథం చివర ఉన్న అనుబంధాల్లో ఆయన ఇంకో దారి చూపాడు. రోజులను జంటలుగా తీసుకోవాలి. ఒక రోజు ఎండను ఇంకో రోజు అమ్మకంతో గుణించి, దానిలోంచి రెండో రోజు ఎండను మొదటి రోజు అమ్మకంతో గుణించినదాన్ని తీసేయాలి. ఇవి విచలనాలే సుమా. మొదటి రోజు (−3, −20), ఐదో రోజు (2, 25). −3 × 25 లోంచి 2 × −20 తీసేస్తే −75 + 40, అంటే −35. వర్గం 1225. రెండో రోజు (−1, −5), నాలుగో రోజు (2, 10). −10 + 10, అంటే సున్నా. ఆ రెండు రోజుల్లోనూ అమ్మకం ఎండకు సరిగ్గా ఐదు రెట్లు, కాబట్టి వాటి మధ్య పొరపొచ్చాలు లేవు. ఐదు రోజులకు ఇలాంటి జంటలు పది. ఆ పది వర్గాలూ వరుసగా 25, 900, 100, 1225, 100, 0, 225, 400, 400, 900. కూడితే 4275. ఇక 22,500 లోంచి 18,225 తీసేస్తే వచ్చేదీ 4275.

హారం వైపుకూ లవం వైపుకూ ఉన్న తేడా ఇలా మళ్లీ వర్గాల మొత్తంగానే తేలుతుంది, కాబట్టి రుణసంఖ్య కాలేదు. ఈ సమానతకు లాగ్రాంజ్ పేరు ఉంది. రోజులన్నీ ఒకదానితో ఒకటి ఎంత పేచీ పడుతున్నాయో లెక్కగట్టి, ఆ పేచీలన్నిటి మొత్తమే r ని ఒకటికి దూరంగా ఉంచుతోందని ఇది చెబుతుంది. వివరాల్లో గిన్నె దారి కంటే ఇదే ముచ్చటైనదని చెప్పాలి, చేయి నొప్పి పుట్టినా సరే.

కోషీ దగ్గర పారిస్‌లో చదువుకున్న రష్యన్ గణితవేత్త విక్టర్ బున్యకోవ్‌స్కీ 1859లో ఇదే అసమానతను సమాకలనులకు విస్తరించాడు. జర్మనీలో హెర్మన్ ష్వార్జ్ 1880 దశకంలో కనీస వైశాల్యపు ఉపరితలాల మీద పనిచేస్తూ, బున్యకోవ్‌స్కీ పని తెలియకుండానే, తనకు కావలసిన రూపాన్ని తయారుచేసుకున్నాడు. వర్గ సమాసం ఎక్కడా సున్నా కిందికి దిగదనే పై వాదన ఆయన వాడినదే. రష్యాలో ఇప్పటికీ బున్యకోవ్‌స్కీ పేరు వదలరు. వీరెవరూ ఈ అసమానతను గణాంక శాస్త్రం కోసం తయారుచేయలేదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో మనుషుల ఎత్తుకూ మోచేతి నుంచి వేలి కొస వరకు ఉన్న పొడవుకూ మధ్య ఉన్న పొత్తును కొలిచి 0.8 అని తేల్చాడు. తన కొలత ఎప్పుడూ ఒకటి కంటే తక్కువే ఉంటుందని కూడా రాశాడు. నేడు వాడుతున్న లబ్ధాల సూత్రాన్ని కార్ల్ పియర్సన్ 1896లో స్థిరపరిచాడు. ఆ సూత్రానికి గోడ మాత్రం డెబ్బై ఐదేళ్ల కిందటే కట్టి ఉంది.

ఇదే విషయాన్ని బొమ్మగా చెప్పడం కూడా వాడుకలో ఉంది. ఐదు విచలనాల జాబితాను ఐదు దిశలున్న ఒక అంతరాళంలో బాణంగా ఊహించుకుంటే, r అంటే రెండు బాణాల మధ్య కోణానికి కొసైన్. 0.9 కి ఆ కోణం సుమారు 26 డిగ్రీలు. కొసైన్ ఒకటిని దాటదు, కాబట్టి r కూడా దాటదు అని ముగించేస్తారు. బొమ్మ బాగుంది గాని, నిరూపణగా తీసుకుంటే జాగ్రత్త కావాలి. ఐదు దిశల్లో కోణం అంటే ఏమిటని అడిగితే చాలా పుస్తకాలు ఇదే నిష్పత్తితో దాన్ని నిర్వచిస్తాయి. ఆ నిష్పత్తి −1 కీ +1 కీ మధ్య ఉంటుందని ముందే తెలిస్తేనే ఆ నిర్వచనం నిలుస్తుంది. అంటే అసమానతను వాడుకుని అసమానతనే నిరూపించినట్టు అవుతుంది.

కొన్ని రోజుల అంకెలు కాక మొత్తం సంభావ్యతల గురించి మాట్లాడేటప్పుడు కూడికల స్థానంలో సగటు విలువలు వస్తాయి. వాదన అక్షరం మారదు: సహవిస్తృతి వర్గం, రెండు విస్తృతుల లబ్ధాన్ని మించదు. రెండు విస్తృతులూ అనంతం కాకుండా ఉండాలన్నది మాత్రం షరతు. ఈ రూపానికి తెలుగువారితో నేరుగా ఒక ముడి ఉంది. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో గణాంక శాస్త్రవేత్తగా ఎదిగిన సి.ఆర్.రావు 1945లో ఒక వ్యాసం అచ్చు వేశారు. తెలియని ఒక రాశిని నమూనాలోంచి పక్షపాతం లేకుండా అంచనా వేస్తే, ఆ అంచనాలో ఎంత చెదురు తప్పనిసరిగా ఉంటుందన్నది అందులో ఒక ప్రశ్న. ఆ రాశి కొద్దిగా మారితే నమూనా సంభావ్యత ఏ మేరకు స్పందిస్తుందో చెప్పే ఇంకో రాశిని పక్కన పెడితే, రెండింటి సహవిస్తృతి సరిగ్గా 1 అని తేలుతుంది. ఇక కోషీ-ష్వార్జ్ చాలు: అంచనా విస్తృతిని రెండో దాని విస్తృతితో గుణిస్తే 1 కంటే తగ్గదు. క్రామెర్-రావు హద్దుగా ప్రపంచమంతా చదువుకునేది ఇదే. సారాంశంలో అది ‘సహసంబంధం ఒకటిని దాటదు’ అన్న వాక్యమే, వేరే చొక్కా తొడుక్కుని.

నిరూపణ ఇంత గట్టిదైనా కంప్యూటరు తెర మీద r ఒకటిని దాటి కనిపించడం కొత్తేమీ కాదు. అప్పుడు తప్పు అసమానతది కాదు. A, B, C అనే మూడు అంకెలూ ఒకే జాబితాలోంచి, ఒకే పద్ధతిలో రాలేదన్నమాట. అన్నిటికంటే తరచుగా కనిపించేది భాజకం తగాదా. విస్తృతిని లెక్కించేటప్పుడు కొందరు రోజుల సంఖ్యతో భాగిస్తారు, కొందరు అందులో ఒకటి తగ్గించి భాగిస్తారు. పైనా కిందా ఒకే భాజకం ఉంటే అది కొట్టుకుపోతుంది, అందుకే పై లెక్కలో దాని ఊసే రాలేదు. పైథాన్‌లో numpy వాడేవారు ఇలా రాస్తే మాత్రం:

```python
import numpy as np
x = [36, 38, 39, 41, 41]
y = [40, 55, 50, 70, 85]
r = np.cov(x, y)[0, 1] / (np.std(x) * np.std(y))
print(round(r, 3))                            # 1.125
print(round(np.corrcoef(x, y)[0, 1], 3))      # 0.9
```

`np.cov` మామూలుగా 4తో భాగిస్తుంది, `np.std` 5తో భాగిస్తుంది. లవం 135/4, అంటే 33.75. హారం 150/5, అంటే 30. ఫలితం 1.125. ఎక్సెల్‌లో `COVARIANCE.S` ను `STDEV.P` లతో భాగించినా ఇదే వస్తుంది. `CORREL` వాడితే రాదు. పొరపాటు తిరగబడి `COVARIANCE.P` ను `STDEV.S` లతో భాగిస్తే 0.72 వస్తుంది. నిజానికి ఈ రెండోదే ఎక్కువ ప్రమాదకరం. 1.125 ను చూడగానే ఎవరైనా ఉలిక్కిపడతారు, 0.72 ను చూసి ఎవరూ అనుమానించరు. మొదటి రకం తప్పు కూడా ఎప్పుడూ బయటపడదు. రోజులు n ఉంటే అసలు గుణకం n/(n−1) రెట్లు అవుతుంది. ఐదు రోజులకు అసలు r 0.8 దాటితేనే తప్పు గోడ దూకుతుంది. వెయ్యి రోజులుంటే 0.999 దాటాలి.

రెండో కారణం ఇంకా గుట్టుగా ఉంటుంది. మూడో రోజు గ్లాసుల లెక్క రాసిన మూల నీళ్లు పడి చెరిగిపోయిందనుకోవాలి. ఎండ లెక్క ఐదు రోజులకూ ఉంది, అమ్మకం లెక్క నాలుగు రోజులకే ఉంది. ఉన్న సమాచారాన్ని వృథా చేయకూడదని ఎండ విస్తృతిని ఐదు రోజుల నుంచీ, మిగతావి నాలుగు రోజుల నుంచీ తీస్తే ఏమవుతుందో చూడాలి. నాలుగు రోజుల అమ్మకం సగటు 62.5, విచలనాల వర్గాల మొత్తం 1125. లబ్ధాల మొత్తం 135. ప్రతిచోటా నియమం తప్పకుండా ఒకటి తగ్గించే భాగించాలి: సహవిస్తృతి 135/3 = 45, ఎండ విస్తృతి 18/4 = 4.5, అమ్మకం విస్తృతి 1125/3 = 375. r = 45/√(4.5 × 375), అంటే దాదాపు 1.095. భాజకంలో తగాదా ఏమీ లేదు, అయినా గోడ కూలింది. ఎందుకంటే సరిగ్గా 39 డిగ్రీలున్న మూడో రోజు ఎండ విస్తృతిని పలచన చేసింది, సహవిస్తృతిలోకి మాత్రం రాలేదు. తప్పుల వర్గాల మొత్తం అనే గిన్నె ఇక్కడ లేనే లేదు, ఎందుకంటే మూడో రోజుకు తప్పు అంటూ లెక్కించడానికి అమ్మకమే లేదు. నాలుగు రోజులనే అన్నిటికీ వాడితే 0.949 వస్తుంది.

ఐదు రోజులూ సరిగ్గా 39 డిగ్రీలే ఉన్నాయనుకుంటే ఇంకో రకం చిక్కు. అప్పుడు A సున్నా, C కూడా సున్నా. C² ≤ AB అనేది 0 ≤ 0 గా నిజమే, కానీ r కోసం సున్నాను సున్నాతో భాగించాల్సి వస్తుంది. ఎక్సెల్ `#DIV/0!` అని చూపిస్తుంది. దాన్ని సున్నాగా రాసుకుని సంబంధం లేదని చెప్పడం సరికాదు. ఎండ మారనే లేదు, కాబట్టి దానికి అమ్మకం ఎలా స్పందిస్తుందో ఆ నోటుపుస్తకం అడగనే లేదు.

చివరగా, బిందువులన్నీ నిజంగానే ఒకే రేఖ మీద ఉన్నప్పుడు కంప్యూటరు దశాంశాలను సవరించడంలో వచ్చే తేడా వల్ల 1.0000000000000002 లాంటి అంకె రావచ్చు. ఆ తర్వాత ఎవరైనా √(1 − r²) తీయబోతే రుణసంఖ్యకు వర్గమూలం అడిగినట్టై లెక్క అక్కడే ఆగిపోతుంది. `np.corrcoef` ఫలితాన్ని −1, +1 ల మధ్యకు కత్తిరించి ఇవ్వడానికి కారణం ఇదే. పదహారో దశాంశంలో ఉన్న తేడాకు ఈ కత్తెర తగినదే. సొంతంగా రాసుకున్న లెక్కకు కూడా అదే కత్తెర పెట్టుకుంటే మాత్రం పైన వచ్చిన 1.125 కాస్తా చప్పుడు లేకుండా 1 అయిపోతుంది, 0.9 ఉన్న నోటుపుస్తకం ఒక్క గ్లాసు కూడా తేడా రాని నోటుపుస్తకంగా అచ్చవుతుంది.